గీత దాటాడా, తొక్కాడా? హ్యాండ్‌బాల్ రిపోర్ట్‌లో ఒక మాట దగ్గర ఆగిపోయా

అచ్చుతప్పు:
చిన్న సాయం కావాలండి. హ్యాండ్‌బాల్ మ్యాచ్ రిపోర్ట్ ఒకటి రాస్తున్నా. "వింగర్ ఆరు మీటర్ల గీత దాటి బాల్ విసిరాడు, గోల్" అని రాస్తే, ఎడిట్ చేసే ఆవిడ "గీత దాటితే ఫౌల్ కదా, గోల్ ఎలా ఇచ్చారు?" అని వెనక్కి పంపారు. నేను రాసింది కరెక్టే, కానీ చదివేవాళ్లకి తప్పులా వినిపిస్తే ఏం లాభం. "దాటి" బదులు ఏం వాడొచ్చు? పనిలో పనిగా ఫాస్ట్ బ్రేక్‌కి కూడా మాట ఉంటే చెప్పండి.

మూడోపేజీ:
చేతికి బాల్ తగిలితే ఫ్రీ కిక్, బాక్స్‌లో అయితే పెనాల్టీ. మధ్యలో ఈ గీత ఏంటి?

అచ్చుతప్పు:
మీరనేది ఫుట్‌బాల్‌లో ఫౌల్ అండి :) ఇది వేరే ఆట, పేరే హ్యాండ్‌బాల్. అటు ఏడుగురు, ఇటు ఏడుగురు, చేత్తోనే ఆడతారు. గోల్ ముందు కీపర్‌కి మాత్రమే వదిలేసిన గోల్ ఏరియాకి హద్దే ఈ ఆరు మీటర్ల గీత.

మూడోపేజీ:
ఓ, సారీ. నోరు మూసుకుని చదువుతా.

గోడమీదపిల్లి:
మీ ఎడిటర్ కరెక్టే. గీత తొక్కినా ఏం కాదు, క్లియర్‌గా లోపల అడుగుపెడితేనే ఫౌల్, రూల్స్‌లో అలాగే ఉంది. "దాటి" అంటే లోపలికి వెళ్లాడనేగా, అంటే ఫౌలే.

మాజీవింగ్:
పిల్లిగారు చెప్పింది సగం నిజం. "క్లియర్‌గా లోపల అడుగుపెట్టాలి" అన్న మాట రూల్స్‌లో ఉంది, కానీ అది డిఫెండర్ గురించి, అదీ వాడు లోపల నిలబడి గ్యారంటీ గోల్‌ని చెడగొడితే, పెనాల్టీ లాంటి ఏడు మీటర్ల త్రో ఇవ్వాలా వద్దా అనే చోట. బాల్ పట్టుకుని దాడి చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. గీత కూడా గోల్ ఏరియాలో భాగమే, కాబట్టి బొటనవేలు గీతకి తగిలినా లోపలికి వచ్చినట్టే లెక్క.

అదే గీత మీంచి గాల్లో ఎగిరి, కాలు నేలకి ఆనకముందే బాల్ చేతిలోంచి వదిలేస్తే మాత్రం శుభ్రమైన గోల్, తర్వాత లోపల పడ్డా ఎవడూ ఏమీ అనడు. ఎందుకంటే రూల్ నేలకి, గాలికి కాదు. లోపల నేల మీద దొర్లుతున్న బాల్‌ని బయటి ఆటగాళ్లెవరూ ముట్టుకోకూడదు, అదే బాల్ ఆ ఏరియా పైన గాల్లో ఉంటే ఎవరైనా అందుకోవచ్చు. అంటే ఈ ఆటలో గీత దాటడం నేరం కాదు, అదే పని. తొక్కడం నేరం.

నిఘంటువుపురుగు:
అయితే "దాటి" మాటలో తప్పేం లేదు. హనుమంతుడు సముద్రం దాటాడంటే నీళ్లలో కాలు పెట్టాడనా? దాటు అంటే పైనుంచి వెళ్లడం కూడా. చిక్కెక్కడ వచ్చిందంటే మనం రోజూ "గీత దాటొద్దు", "హద్దు దాటావ్" అని తిట్టడానికే వాడి వాడి, గీత పక్కన ఆ మాట కనపడగానే తప్పు చేశాడని అనిపిస్తోంది. వాగు దాటాడంటే ఆ అనుమానం రాదు చూడండి.

అచ్చుతప్పు:
హనుమంతుడి పాయింట్ ఎడిటర్‌గారికి పంపేస్తా 😄 కానీ మూల నుంచి వేసే షాట్లకే ఈ మాట ఎక్కువ అవసరం పడుతోంది, ఎందుకంటారు?

మాజీవింగ్:
గీత ఆకారం వల్ల. కోర్టు వెడల్పు 20 మీటర్లు, గోల్ వెడల్పు 3. గోల్‌కి ఎదురుగా ఆరు మీటర్ల దూరంలో 3 మీటర్ల తిన్నని గీత, అక్కణ్ణుంచి రెండు వైపులా పోస్టుల చుట్టూ వంపు తిరిగి గోల్ లైన్‌ని తాకుతుంది. అది తాకే చోటు నుంచి సైడ్ లైన్‌కి మిగిలేది ఇంచుమించు రెండున్నర మీటర్లే. ఆ మూలలో నిలబడి చూస్తే దగ్గర పోస్టు తప్ప గోల్ కనపడదు. అందుకే వింగర్ గీత బయట కాలు మోపి లోపలివైపుకి, గోల్ మధ్యకి ఎదురుగా వచ్చేలా ఎగురుతాడు, గాల్లో ఉన్న ఆ కాసేపట్లో గోల్ వెడల్పు అవుతుంది. బాల్ ఎంత ఆలస్యంగా వదిలితే అంత మంచి యాంగిల్, మరీ ఆలస్యమైతే కాలు ముందు నేలకి తగులుతుంది.

నా సంగతే చెప్తా. ఒక గోల్ లీడ్‌లో ఉన్నాం, ఆట అయిపోవస్తోంది. ఎడమ మూల నుంచి ఎడమ కాలి మీద లేచా, బాల్ నెట్‌లో పడింది, నేను లోపల బోర్లా పడ్డా. విజిల్. కాలు గీత మీద పడిందట. చేతులు ఊపుతూ రిఫరీ వైపు తిరిగా, అదే నేను చేసిన పెద్ద తప్పు. ఇక్కడ వాళ్లకి దొరికేది ఫ్రీ త్రో కాదు, గోల్‌కీపర్ త్రో. అది మొదలెట్టడానికి మామూలుగా మళ్లీ విజిల్ అక్కర్లేదు, కీపర్ లోపలి నుంచే విసరొచ్చు, బాల్ గీత దాటి బయటికొచ్చేదాకా మనవాడెవడూ తాకకూడదు. నన్ను కాస్తున్న డిఫెండర్ నేను గాల్లోకి లేవగానే మా గోల్ వైపు పరుగందుకున్నాడు, నేనేమో అందరికంటే వెనక, నేల మీద.

వాళ్ల కీపర్ నెట్‌లోంచి బాల్ తీసి మధ్య గీత అవతల ఆ డిఫెండర్ ముందు పడేలా విసిరాడు. మా కీపర్ దాన్ని మధ్యలో అందుకుందామని తన ఏరియా వదిలి బయటికొచ్చాడు, బాల్ అందలేదు, పరిగెత్తుతూ పైకి చూస్తున్న వాణ్ణి గుద్దేశాడు. అలా బయటికొచ్చి ఢీకొంటే ఆ బాధ్యత కీపర్‌దే, రెడ్ కార్డ్. పైగా ఏడు మీటర్ల త్రో. స్కోరు సమం, మాకు మెయిన్ కీపర్ లేడు. రెండు గోల్స్ ఆధిక్యం కావాల్సింది నా వేలు వల్ల అలా అయ్యింది.

గోడమీదపిల్లి:
డిఫెండర్ రూల్‌ని అందరికీ పూసేశా, ఒప్పుకుంటున్నా. కానీ డిఫెండర్ లోపలికొచ్చిన ప్రతిసారీ ఏడు మీటర్లే కదా?

మాజీవింగ్:
కాదండి. లోపల ఉండి లాభం పొందినా గోల్ ఛాన్స్ పోకపోతే ఫ్రీ త్రో మాత్రమే, అది తొమ్మిది మీటర్ల చుక్కల గీత దగ్గర నుంచి. లాభమే లేకపోతే ఆట సాగిపోతుంది. గొడవంతా ఆ "లాభం" దగ్గరే, ఒక్కో రిఫరీ కన్ను ఒక్కోలా ఉంటుంది.

నిఘంటువుపురుగు:
అది చుక్కల గీతేనా? చిన్న చిన్న ముక్కలు కదా.

మాజీవింగ్:
ముక్కలే. అందరం చుక్కలే అంటాం.

మూడోపేజీ:
చదువుతున్నా కానీ ఒక డౌట్. ఫాస్ట్ బ్రేక్‌కి పేపర్లలో చూసే "మెరుపుదాడి" సరిపోదా?

నిఘంటువుపురుగు:
నాకు "ఎదురుదాడి" నచ్చుతుంది. అవతలివాడి దాడి ఎక్కడ తెగిందో అక్కడే మనది మొదలైందన్న భావం అందులో ఉంది.

మాజీవింగ్:
ఎదురుదాడి అంటే నింపాదిగా కూడా చెయ్యొచ్చు కదండీ. ఇక్కడ కీలకం అవతలివాళ్లు వెనక్కొచ్చి ఆరు మీటర్ల గీత ముందు గోడ కట్టేలోపు అయిపోవాలి, గోడ కట్టాక అది మామూలు దాడే. ముందు వింగర్లు ఒంటరిగా పరిగెత్తుతారు, వాళ్లకి బాల్ అందకపోతే వెనకొచ్చేవాళ్లు పాసులతో, గోడ ఇంకా సర్దుకోని సందుల్లోకి దూరతారు. మా కోచ్ వీటిని మొదటి కెరటం, రెండో కెరటం అనేవారు. మెరుపుదాడి మొదటిదానికి సరిపోతుంది, రెండోదానికి కాదు.

అచ్చుతప్పు:
నేను ఫాస్ట్ బ్రేక్ అనే ఉంచేస్తా, కెరటాలు మాత్రం దొంగిలిస్తున్నా. అసలు వాక్యం ఇలా మార్చా, చూడండి: "వింగర్ ఆరు మీటర్ల గీత తొక్కకుండా పైనుంచి ఎగిరి, కాలు నేలకి ఆనేలోపే బాల్ వదిలాడు, గోల్."

నిఘంటువుపురుగు:
బాగుంది కానీ పొడుగైంది. "గీత మీంచి దూకి" చాలదూ?

మాజీవింగ్:
దూకి అంటే కింద పడ్డాక విసిరినట్టుంది నాకు. ఎగిరి అనే ఉంచండి.

గోడమీదపిల్లి:
నాకు దూకే బాగుంది.