"ఇదన్నమమ" అనే మాటలో అన్నం ఉందా?

ప్రశ్న (మధురవాడ): మా గృహప్రవేశంలో పురోహితులు చెప్పించిన "అగ్నయే స్వాహా, అగ్నయ ఇదన్నమమ" అనే వాక్యానికి "ఈ అన్నం నాది" అని అర్థమని మా బావగారు అంటున్నారు. నేతిని అగ్నికి ఇస్తూ నాది అనడం ఏమిటో బోధపడలేదు.

సీతమ్మధార సభ్యుడు: ఇది ఆహారానికి సంబంధించినదే. అగ్ని దేవతల నోరు, నెయ్యి ఆయన భోజనం. "డబ్బంతా స్వాహా చేశాడు" అని మనం అనేది కూడా అందుకే.

సింహాచలం నుంచి ఒక సంస్కృతోపాధ్యాయురాలు: అగ్ని నోరన్న మాట సరైనదే గాని, ఇక్కడ అన్నం లేదు. "ఇదం న మమ" అన్న మూడు మాటల్లో నకారం ముందున్న అనుస్వారం నకారంగా మారి "ఇదన్న" అయింది. "ఇది అగ్నికి, నాది కాదు" అని అర్థం. మన వాడుకలో స్వాహా అంటే మింగేయడం. హోమంలో అది ఇచ్చివేసే మాట. వేదకర్మలను విచారించే మీమాంసకుల లెక్కలో దేవతను ఉద్దేశించి ద్రవ్యం మీద హక్కు వదులుకోవడం యాగం, వదిలిన దానిని అగ్నిలో వేయడం కూడా చేరితే హోమం. అందుకే శ్రౌతకర్మలో, అంటే వేదోక్తమైన యజ్ఞాల్లో, అధ్వర్యుడనే ఋత్విక్కు నెయ్యి వేస్తున్నా, "ఇదం న మమ" అనే త్యాగవాక్యం పలకవలసింది ద్రవ్యానికి యజమాని అయినవాడే. పురోహితుడే రెండూ గబగబా చదివేసి యజమాని చేత తలాడిస్తే, చెప్పవలసినవాడు చెప్పనట్టే.

నేతి విషయంలో ఋగ్వేదం రెండో మండలంలోని "ఘృతమస్య యోనిః, ఘృతే శ్రితః" అనే ఋక్కు చూడండి: అగ్ని పుట్టుక నేతిలోనే, ఉనికీ నేతిలోనే. స్వాహాకారంతో ఇచ్చిన హవ్యాన్ని మోసుకుపొమ్మని అగ్నిని కోరడంతో ఆ ఋక్కు ముగుస్తుంది. కాబట్టి నెయ్యి భోజనం మాత్రమే కాదు, అగ్నికి తేజస్సు కూడా. అగ్ని తినేవాడే కాదు, చేరవేసే దూత కూడా. స్రువమనే హోమపు గరిటెతో వేసిన నెయ్యికి మంట ఒక్కసారిగా లేవడం చూసినవారికి ఈ భావం ఎక్కడ పుట్టిందో వేరే చెప్పక్కరలేదు.

గాజువాక సభ్యుడు: మా అపార్టుమెంటులో హోమం చేస్తే పొగకు పక్కవాళ్లు గొడవ చేశారు. నెయ్యి తగ్గించవచ్చా?

ఉపాధ్యాయురాలు: అది వేరే చర్చ అయినా ఒక మాట చెబుతాను. తడి సమిధలు పొగను పెంచుతాయి, ముందు వాటిని ఆరబెట్టి చూడండి.

మధురవాడ సభ్యురాలు: నెయ్యి మా దంపతులిద్దరిదీ అయినప్పుడు "మమ" అనే ఏకవచనం ఎందుకు?

ఉపాధ్యాయురాలు: కర్మలో భార్యకూ అధికారం ఉందని, ఇద్దరూ కలిసే చేయాలని జైమిని మీమాంసాసూత్రాల ఆరో అధ్యాయంలో తేలుతుంది. పలికేవాడు ఒక్కడు గనుక ఏకవచనమని సర్దుకోవచ్చు గాని, ఆ సమాధానం నాకే పూర్తిగా తృప్తినివ్వడం లేదు.