లెటర్‌లోనే జీతం, నోటీస్, ఊరు మార్పు రాయమంటే ఎంతవరకు చెప్పాలి?

విశాఖ_లెక్కలు: విశాఖలో ఫార్మా కంపెనీ అకౌంట్స్‌లో చేస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక పోస్టు పడింది. ప్రస్తుత సీటీసీ, ఆశించే సీటీసీ, నోటీస్ పీరియడ్, హైదరాబాద్ రాగలరా లేదా, ఇవన్నీ కవరింగ్ లెటర్‌లోనే రాయమన్నారు. నాది 6.4 లక్షలు, నోటీస్ 60 రోజులు. అంకె ముందే చెప్పేస్తే మునుగుతానా? బాబు మూడో తరగతి, ఏప్రిల్ దాకా ఇక్కడే చదవాలి. అదీ రాయాలా?

బేరం_బాబాయ్: అంకె చెప్పొద్దు తమ్ముడూ. ముందు నోరు తెరిచినవాడే నష్టపోతాడు. ‘నెగోషియబుల్’ అని ఒక్క మాట రాసి ఊరుకో. ఇంటర్వ్యూలో నచ్చితే వాళ్లే అడుగుతారు.

నియామకాల_సుధ: బాబాయ్ గారూ, ఇంటర్వ్యూ దాకా వెళ్తేనే కదా ఆ బేరం! నేను రిక్రూట్‌మెంట్‌లోనే ఉన్నాను. లెటర్లు వచ్చాక ఆ వివరాలన్నీ ఎక్సెల్ షీట్‌లో గడుల్లోకి ఎక్కిస్తాం. మేనేజర్ చూసేది ఆ షీట్‌నే. ‘నెగోషియబుల్’ అన్నవాళ్ల గడి ఖాళీగా ఉంటుంది. అప్లికేషన్లు తక్కువైతే ఫోన్ చేసి అడుగుతాం, ఎక్కువైతే అడగం.

విశాఖ గారూ, 6.4 అని ఊరికే రాయకండి, విడదీసి రాయండి. ఉదాహరణకు మీ నెల గ్రాస్ 45 వేలు, అందులో బేసిక్ 22,500 అనుకుందాం. ఏడాదికి గ్రాస్ 5.4 లక్షలు. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి సుమారు 45 వేలు. మిగతా 55 వేలు వేరియబుల్. ఆ వేరియబుల్ పూర్తిగా చేతికొస్తుందో లేదో మీకే తెలుసు. కొత్త కంపెనీ ‘7 లక్షలు’ అని చెప్పి అందులో లక్ష వేరియబుల్ పెడితే, ఫిక్స్‌డ్ 6 లక్షలే, ఇప్పుడున్న 5.85 కంటే పెరిగేది 15 వేలే. అందుకే ఆశించేది ఫిక్స్‌డ్‌లోనే చెప్పండి: ‘ప్రస్తుతం ఫిక్స్‌డ్ 5.85, వేరియబుల్ 0.55 లక్షలు. ఆశించేది ఫిక్స్‌డ్ 7.25 లక్షలు, పని పరిధి తెలిశాక మాట్లాడుకోవచ్చు.’ ‘7 నుంచి 8’ అని రాస్తే మేం చదివేది 7 ఒక్కటే. పెంచి మాత్రం రాయకండి, ఆఫర్ ముందు మూడు నెలల పేస్లిప్పులు అడుగుతారు.

శాన్‌హోసే_రవి: అసలు ప్రస్తుత జీతం అడగడమే తప్పు కదండీ? కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగకూడదని చట్టం. ఆశించేది అడగొచ్చు, అంతే. ఆ గడి వదిలేయమనండి.

నియామకాల_సుధ: అక్కడ సరే. ఇక్కడ అలాంటి చట్టం లేదు రవి గారూ. వదిలేస్తే సూచన పాటించలేదనే లెక్క.

బేరం_బాబాయ్: అయితే పాత జీతం మీద ఇంత శాతం అని ఆఫర్ కట్టడం నిజమే కదమ్మా? తక్కువ జీతంలో ఇరుక్కున్నవాడు ఎప్పటికీ తక్కువే తీసుకోవాలా?

నియామకాల_సుధ: చాలాచోట్ల అలాగే కడతారు, కాదనను. అందుకే ఆశించే అంకె పక్కన కారణం ఒక వాక్యంలో ఉంటే మంచిది: ‘జీఎస్టీ రిటర్నులు, స్టాట్యుటరీ ఆడిట్ రెండూ సొంతంగా చూస్తున్నాను.’ అన్ని కంపెనీలూ దానికి లొంగుతాయని మాత్రం చెప్పలేను.

తొంభై_రోజులు: నాది 90 రోజుల నోటీస్. రిజైన్ చేసి నెలయింది. మేనేజర్ వదలనంటున్నాడు, కొత్తవాళ్లు రమ్మంటున్నారు. వెళ్లిపోవచ్చా?

నియామకాల_సుధ: అది వేరే సంగతండీ, రిలీవింగ్ లెటర్ లేకుండా మాత్రం కదలకండి. కానీ మీ కథ విశాఖ గారికి పనికొస్తుంది. లెటర్‌లో ‘60 రోజులు, 30కి తగ్గించగలను’ అని ధైర్యంగా రాసేముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. తగ్గిన రోజులకు డబ్బు కట్టి వెళ్లే వీలుందా, ఉంటే బేసిక్ మీదా, గ్రాస్ మీదా? పై లెక్కలో 30 రోజులకు బేసిక్ అయితే 22,500, గ్రాస్ అయితే 45 వేలు. కొన్ని చోట్ల మేనేజర్ ఒప్పుకుంటేనే. స్పష్టత లేకపోతే ‘నోటీస్ 60 రోజులు, కంపెనీ అనుమతిస్తే తగ్గొచ్చు’ అని ఆపేయండి.

గాజువాక_లక్ష్మి: బాబు స్కూల్ సంగతి రాయొద్దు తమ్ముడూ. మా ఆయన విషయంలో అది చూసి ‘ఈయన రాడులే’ అనుకున్నారు. ముందు ఒక్కడివే వెళ్లు, ఏప్రిల్ తర్వాత కుటుంబాన్ని తీసుకెళ్లు. ‘నోటీస్ పూర్తయ్యాక హైదరాబాద్‌లో చేరగలను’ అంటే చాలు.

నియామకాల_సుధ: నేనూ అదే అంటాను. సామాను రవాణా ఖర్చు కూడా ఆఫర్ దశలోనే అడగాలి. కాకపోతే ప్రకటనలో ‘ఇతర ఊళ్లకూ బదిలీ ఉండొచ్చు’ అని ఉందేమో చూడండి. అప్పుడు ఊరికే ‘మారగలను’ అంటే ఎక్కడికైనా అనే అర్థం.

విశాఖ_లెక్కలు: ఉందండీ, ‘హైదరాబాద్ లేదా పుణె’ అని కింద చిన్నగా. హైదరాబాద్ ఒక్కటే అని రాస్తే షీట్‌లోంచి తీసేస్తారా?

నియామకాల_సుధ: పుణె పోస్టు వరకు తీసేస్తారు.

బేరం_బాబాయ్: ‘హైదరాబాద్‌కు ప్రాధాన్యం’ అని రాయి. రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

గాజువాక_లక్ష్మి: తర్వాత పుణె ఆఫరే వస్తే ఇంట్లో ఎవరు సమాధానం చెప్తారు బాబాయ్, మీరా?