డీఎస్సీ సాధనలో ఒకరికొకరు పాఠం చెప్పుకోవడం: చదివిన రోజేనా, నాలుగు రోజులు ఆగా?

నాగావళి తీరం (ప్రశ్న): శ్రీకాకుళంలో డీఎస్సీకి చదువుతున్న నలుగురం కష్టమైన అంశాలను పుస్తకం మూసి ఒకరికొకరం బిగ్గరగా వివరించుకుంటున్నాం. ఈ వారం అంశం ఋతువులు. చదివిన సాయంత్రమే చెప్పేయాలని ఒకరు, నాలుగు రోజులు ఆగాలని మరొకరు పట్టుబడుతున్నారు. ఏది మేలు?

పొందూరు మాస్టారు: ఆగడమే మేలు. చదివిన సాయంత్రం నోట వచ్చేవి పుస్తకంలోని వాక్యాలే కాబట్టి చెప్పేవారికీ వినేవారికీ అంతా అర్థమైనట్టే ఉంటుంది. మీ అంశాన్నే తీసుకుందాం. "భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్ల ఋతువులు ఏర్పడతాయి" అని ఎవరైనా తడబడకుండా చెప్పగలరు. అప్పుడు వినేవారు ఒక్క ప్రశ్న వేయాలి: జూన్ 21న మిట్టమధ్యాహ్నం శ్రీకాకుళంలో నిలువుగా పాతిన కర్ర నీడ ఏ దిక్కున పడుతుంది? ఆ రోజు నీడే ఉండదని చెప్పేవారు చాలామంది కనబడతారు. మన ఊరు సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మన నడినెత్తికి మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర్లో మరొకసారి వస్తాడు. ఈ రెండింటి నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు కనుక నీడ దక్షిణానికి పడుతుంది. అక్షం వంపు అనే మాట తెలిసినా దాని బొమ్మ మనసులో లేదన్న సంగతి ఈ ప్రశ్నతోనే బయటపడుతుంది.

బుధవారం చదివి ఆదివారం చెప్పండి. చేతిలో తెల్లకాగితం, పెన్సిలు మాత్రమే ఉండాలి. పావుగంట చెప్పడానికి, పది నిమిషాలు ప్రశ్నలకు కేటాయించండి. ఎక్కడ ఆగిపోయారో వినేవారు రాసిపెట్టాలి, మళ్లీ బుధవారం ఆ ముక్క ఒక్కటే తిరిగి చెప్పించాలి. చాలా బృందాలు ఈ చివరి పనిని వదిలేస్తాయి, అందువల్లనే లోపం కనిపెట్టిన తర్వాత కూడా అలాగే మిగిలిపోతుంది.

సాలూరు సందేహం: అక్షం వంపు 23.5 కాదు, 23.4కు దగ్గరగా ఉంటుంది. ముందు అది సరిచేయండి.

ఆమదాలవలస రైలు: మాస్టారి మాటతో నేను ఏకీభవించలేను. నాలుగు రోజుల తర్వాత ఒకరు తడబడితే, అది మరచిపోవడమో అర్థం కాకపోవడమో ఎలా తేలుతుంది? ఆ నాలుగు రోజుల్లో పాఠాన్ని మరో రెండుసార్లు చదివితే గట్టిగా నిలుస్తుంది. చదివిన సాయంత్రమే చెప్పేస్తే లోపం ఏదైనా అప్పుడే దొరుకుతుంది.

పొందూరు మాస్టారు: మీ మొదటి ప్రశ్న చాలా మంచిది. దానికి ఒక పరీక్ష ఉంది. తడబడినవారికి ఆ పేజీని ఒక్క నిమిషం చూపించి మళ్లీ మూసేయండి. మరచిపోయినవారు వెంటనే అందుకుని సొంత మాటల్లో ముందుకు సాగుతారు. అర్థం కానివారు ఆ వాక్యాన్నే అప్పజెబుతారు, ప్రశ్నను కాస్త మార్చి డిసెంబరు నీడ గురించి అడగగానే మళ్లీ ఆగిపోతారు. మళ్లీ మళ్లీ చదవడం విషయానికి వస్తే, రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే తిరిగి చదివినవారు ముందున్నారు, వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందున్నారు. డీఎస్సీ పరీక్ష అయిదు నిమిషాల్లో జరిగేది కాదు కదా.

బొబ్బిలి వీణ: ఏ రోజు పెట్టాలన్నది పక్కన పెట్టండి, అసలు ఇలాంటివి పెట్టనే కూడదు. విజయనగరంలో నేను చేరిన ఒక శిక్షణ కేంద్రంలో రోజుకొకరిని బల్ల ఎక్కించి పాఠం చెప్పించేవారు. నేను తడబడిన ప్రతిసారీ వెనక వరుసలో నవ్వేవారు, చెప్పించే ఆయన కూడా వారించలేదు. కట్టిన రుసుము వదులుకుని మానేశాను. లోపాలు బయటపెట్టడం అంటే మనిషిని బయటపెట్టడమే అయింది.

సాలూరు సందేహం: 23.4 సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పొందూరు మాస్టారు: సాలూరు గారూ, మీరన్నది నిజమే, బడి పుస్తకాల్లో 23½ అని ఇస్తారు. నీడ దిక్కు దానివల్ల మారదు. వీణ గారూ, మీకు జరిగింది అన్యాయం. అయితే మీరు చెబుతున్నది తరగతి ముందు నిలబెట్టడం, ఇక్కడ అడుగుతున్నది నలుగురు స్నేహితుల మధ్య కూర్చుని చెప్పుకోవడం.

బొబ్బిలి వీణ: నలుగురిలో ఒక్కరు నవ్వినా నాకు ఒకటే. ఇద్దరిద్దరుగా విడిపోతే ఒప్పుకుంటాను.

ఆమదాలవలస రైలు: మాస్టారూ, మీకు చెప్పడం వృత్తి కాబట్టి సులువుగా అంటున్నారు. పగలు దుకాణంలో పనిచేసి రాత్రి చదివే నాబోటివాడికి ఆదివారం ఒక్కటే దొరుకుతుంది. మా బృందంలో చక్కగా మాట్లాడే ఒకాయన ప్రతి వారం చెబుతాడు, మిగిలినవాళ్లం వింటాం. ఆయన అర్థం చేసుకున్నాడు సరే, నా ఆదివారం ఎవరు తిరిగిస్తారు? సాయంత్రమే పెట్టమన్నది కూడా ఇందుకే, ఆదివారమైనా నాకు మిగులుతుందని.

నాగావళి తీరం: అన్నగారూ, మా దగ్గరా అదే జరుగుతోంది. ఏ రోజన్న వాదన వెనుక ఉన్నది ఇదే కావచ్చు. ఇద్దరు ఎప్పుడూ ఏదో సాకు చెప్పి తమ వంతు దాటేస్తున్నారు.

అరసవల్లి అక్క: వినేవారికి పని లేకపోతే వారి సమయం నిజంగానే వృథా. మా బృందంలో వినేవారు ప్రతి ఒక్కరూ పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి తయారు చేసుకునే రావాలి. ఈ అంశానికి నేను తెచ్చిన ప్రశ్న ఇది: మా ఊరి సూర్యనారాయణ స్వామి మూలవిరాట్టును సూర్యోదయ కిరణాలు మార్చి రెండో వారంలోను, అక్టోబరు మొదటి రోజుల్లోను తాకుతాయి. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? ఆ రెండు నెలలే ఎందుకు? చెబుతున్న చెల్లెలు "విషువత్తులు కాబట్టి" అంది. విషువత్తులు మార్చి 20 ప్రాంతంలోను, సెప్టెంబరు 23 ప్రాంతంలోను వస్తాయని గుర్తుచేయగానే కాగితం మీద గీయడం మొదలుపెట్టింది. ఒకటి విషువత్తుకు సుమారు పది రోజుల ముందు, మరొకటి సుమారు పది రోజుల తర్వాత. రెండు సమయాల్లోనూ సూర్యుడు నేరు తూర్పుకు దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. మార్చిలో ఉత్తరానికి జరుగుతూ ఆ బిందువును దాటుతాడు, అక్టోబరులో దక్షిణానికి జరుగుతూ మళ్లీ అదే బిందువును దాటుతాడు. ఉదయించే చోటు ఏడాది పొడవునా జరుగుతూ ఉంటుందన్న సంగతి ఆమె చదివిన పాఠంలో ఉంది కాని, ఆమె వివరణలో ఎక్కడా రాలేదు. ఆ ప్రశ్న తయారు చేయడానికి నేను ఆ పాఠాన్ని ఆమెకంటే ఎక్కువగా తిరగేశాను.

ఆమదాలవలస రైలు: ప్రశ్న బాగుంది, ఒప్పుకుంటాను. కాని అందరమూ నేర్చుకునేవాళ్లమే అయినప్పుడు, ప్రశ్న అడిగినవాడి సమాధానమే తప్పయితే నలుగురమూ కలిసి తప్పు నేర్చుకుంటాం.

పొందూరు మాస్టారు: ఆ ప్రమాదం ఉంది. అందుకే ప్రశ్న తెచ్చేవారు సమాధానం ఏ పుటలో సరిచూసుకోవచ్చో కూడా రాసి తేవాలి. నీడ ప్రశ్నకైతే పుస్తకం కూడా అక్కర్లేదు, జూన్‌లో మబ్బు లేని ఒక మధ్యాహ్నం పెరట్లో కర్ర పాతి చూస్తే చాలు.

ఆమదాలవలస రైలు: ఆ నెలలో మబ్బు లేని మధ్యాహ్నం దొరకాలి కదా. అన్ని అంశాలకూ కర్ర పాతడం కుదరదు, గణితానికి ఏం చేస్తారు?

నాగావళి తీరం: వంతుల క్రమాన్ని చీటీ వేసి నిర్ణయించి, బుధవారం చదివి ఆదివారం ఇద్దరిద్దరుగా చెప్పుకోవాలని మా వాళ్లతో మాట్లాడతాను. ప్రశ్న తేనివారికి ఆ వారం వినే వంతు ఉండదు. గణితం గురించి మాస్టారు ఏమంటారో చూసి మొదలుపెడతాం.

సాలూరు సందేహం: గణితమైతే నేను చెబుతాను. దానికి మాత్రం చదివిన రోజే లెక్క చేయించాలి.