వానకు తడిసిన ఎర్రమట్టి గట్టు ఎక్కని ముందు చక్రాల కారు

మందస తోట: ఆదివారం వానలో మా జీడితోట దారి ఎక్కలేకపోయాను. ముందు చక్రాలు లాగే చిన్న కారు. వెనుక ముగ్గురు, డిక్కీలో రెండు ఎరువు బస్తాలు. సగం దారిలో ముందు చక్రాలు ఉన్నచోటనే తిరిగి మట్టి చిమ్మాయి. అదే గట్టును పాత వెనుక చక్రాల జీపు నిండా జనంతో ఎక్కిపోయింది. ఈసారి నాలుగు చక్రాలు లాగే బండే కొనాలా? ఘాట్ మలుపుల్లో దేనికి ఎలా ఉంటుంది?

టెక్కలి వ్యాను: పద్దెనిమిదేళ్లుగా వ్యాను నడుపుతున్నాను. హ్యాండ్ బ్రేకు కొంచెం లాగి పట్టుకుని మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. జారే చక్రం నిదానించి రెండోది లాగుతుంది. ఏ బండికైనా ఇదే మందు.

బొబ్బిలి షెడ్డు: ఏ బండికైనా కాదండీ. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక చక్రాలను. మీ వ్యానుకు లాగేవీ అవే కాబట్టి పనిచేసింది. ఆయన కారుకు లాగేవి ముందువి. అక్కడ హ్యాండ్ బ్రేకు వేస్తే ఎక్కే బండిని మనమే వెనక్కి పట్టుకున్నట్టు.

టెక్కలి వ్యాను: షెడ్డులో కూర్చుని చెప్పడం తేలికే. ఎన్ని బళ్లను గట్టెక్కించానో మీకేం తెలుసు?

బొబ్బిలి షెడ్డు: వాటిలో ముందు చక్రాలవి ఎన్ని, అది చెప్పండి.

ఎస్.కోట మాస్టారు: నాది నాలుగు చక్రాలు లాగే బండే. అనంతగిరి ఘాట్‌లో తడి రోడ్డు మీద దిగుతూ మలుపులో గట్టిగా బ్రేకు నొక్కాను. స్టీరింగు తిప్పినా బండి నేరుగా రాతి గోడ వైపే జారింది. లాగడానికి నాలుగు చక్రాలున్నా ఆపడానికి అందరికీ ఉన్నవే నాలుగు టైర్లు. మొదట అరిగిన టైర్లు మార్చండి.

మందస తోట: మాస్టారూ, నా బాధ దిగడం కాదు, ఎక్కడం.

బొబ్బిలి షెడ్డు: మీ లెక్క చూద్దాం. మనుషులు, బస్తాలతో 1,300 కిలోలు అనుకోండి. అయిదు మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తే గట్టుకు సుమారు 260 కిలోల లాగుడు కావాలి. చదునులో బరువు ముందూ వెనుకా సగం సగం ఉన్నా, ఎక్కేటప్పుడు వెనక్కి ఒరుగుతుంది. ముందు చక్రాల మీద 580 కిలోలే మిగులుతాయి. ఆ బురద బరువులో నూటికి నలభై వంతుల పట్టు ఇస్తుందనుకుంటే 230 వస్తుంది. చాలదు. అదే కారును రివర్సులో ఎక్కించండి. లాగే చక్రాలు పల్లం వైపుకు వస్తాయి, వాటి మీద 690 కిలోలు పడుతుంది, పట్టు 275 దాటుతుంది.

టెక్కలి వ్యాను: రివర్సులో గట్టెక్కడమా! స్టీరింగు కాస్త తిప్పితే ముక్కు కాలువలో పడుతుంది.

మందస తోట: నిన్న చేసి చూశాను. బండి ఎక్కింది. కానీ మలుపు దగ్గర ముందు చక్రం కాలువ అంచుకు జానెడు దూరంలో ఆగింది, మా తమ్ముడు కేక వేయబట్టి. రెండోసారి బస్తాలు దించి ముందుకే పోనిచ్చాను. చక్రాలు రెండుసార్లు జారాయి గాని ఎక్కింది.

ఎస్.కోట మాస్టారు: టైర్లు ఎన్నాళ్లవో ఇంకా చెప్పలేదు మీరు.

టెక్కలి వ్యాను: బస్తాలు దించితే నా వ్యాను ఇంకా జారుతుంది. వెనుక బరువు లేనిదే అది అడుగు కదలదు.

బొబ్బిలి షెడ్డు: అదే కదండీ నేను మొదటినుంచీ చెబుతున్నది!