అప్‌డేట్: స్క్రీన్‌షాట్‌తో తీర్పు చెప్పవచ్చా?

నా ప్రశ్న: "నేను అమ్మిన లెన్స్‌పై గీతలున్నాయని కొన్నవారు స్క్రీన్‌షాట్ పంపారు. ఫోటోను మళ్లీ జేపెగ్‌గా కుదించి ఎక్కడ ఎంత తేడా వచ్చిందో చూపే ఎర్రర్ లెవెల్ అనాలిసిస్‌లో గీతల చుట్టూ తెల్లగా మెరుస్తోంది. ఫోటో మార్చినట్టేనా?"

కాదు, నేనే పొరబడ్డాను. ఇక్కడ ఒకరు చెప్పినట్టు, నా దగ్గరున్న మరో గీతల లెన్స్‌ను ఫోటో తీసి, దాన్నీ స్క్రీన్‌షాట్ చేసి చూశాను. అదే మెరుపు! పదునైన అంచు ఎక్కడున్నా జేపెగ్ కుదింపులో తేడా ఎక్కువ వస్తుంది కాబట్టి అక్కడ మెరుస్తుంది. అది దిద్దుబాటుకు గుర్తు కాదు.

పైగా 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటో స్క్రీన్‌షాట్‌లో 1080కి తగ్గింది. అంటే దాదాపు 14 పిక్సెళ్లు కలిసి ఒకటయ్యాయి. కెమెరా సెన్సార్ ప్రతి ఫోటోలో వదిలే సన్నని చుక్కల్లాంటి నాయిస్ చెరిగిపోయింది, కెమెరా వివరాలు ఫైల్‌లోకి రానేలేదు. అసలుదని చెప్పడానికి కావలసినవి అవే కదా.

నకిలీ అని మాత్రం ఒక్కోసారి స్క్రీన్‌షాట్‌తోనే తేల్చవచ్చు. ఒకే గీతను కాపీ చేసి రెండుచోట్ల అతికిస్తే, కుదించాక కూడా సాధారణంగా ఆ రెండు ఆకారాలూ ఒకేలా కనిపిస్తాయి. వెతికాను, అలాంటివి లేవు. అయితే అవి లేనంత మాత్రాన ఫోటో నిజమని తేలదు.

చివరికి అసలు ఫైల్‌ను డాక్యుమెంట్‌గా పంపమని, లెన్స్‌ను కాస్త తిప్పి మరో ఫోటో తీయమని అడిగాను. రెండింటిలోనూ గీతలు అంచు మీది అక్షరాలకు సరిగ్గా అదే దూరంలో ఉన్నాయి. క్షమాపణ చెప్పి డబ్బు వెనక్కిచ్చాను.