సింగపూర్ ఉక్కపోతలో పలుచని కనుబొమ్మలు: పెన్సిలా, పౌడరా, జెల్లా?

మిర్యాలగూడ (సింగపూర్‌కు వచ్చి మూడు వారాలు):
అక్కలందరికీ నమస్కారం. నా కనుబొమ్మల చివరి భాగం దాదాపు ఖాళీగా ఉంటుంది. ఇంటర్ చదివే రోజుల నుంచి థ్రెడింగ్‌లో ఎక్కువగా తీయించుకోవడం వల్ల కొంత, పుట్టుకతో కొంత. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీల ఎండలో కూడా మామూలు పెన్సిల్‌తో గీసుకున్న గీత సాయంత్రం దాకా నిలిచేది. ఇక్కడ అంత ఎండ లేదు, అయినా ఇంటి నుంచి ఆఫీసుకు చేరేసరికి ఎడమ బొమ్మ తోక మాయమైపోతున్నది. నిన్న లిఫ్టు అద్దంలో చూసుకుంటే ఆ రంగంతా కణత మీదికి జారి, ఎవరో బొగ్గు వేలితో తుడిచినట్టు ఉన్నది. దుకాణంలో పెన్సిల్, పౌడర్, జెల్ మూడూ చూపించి మూడూ మంచివేనన్నారు. వాటిలో ఏది కొనాలో చెప్పగలరా?

దేవరకొండ:
చెల్లె, మా ఆవిడ తరఫున నేను రాస్తున్నాను. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని ఉంటే చాలు, అది పెన్సిలా జెల్లా అన్నది పట్టించుకోనవసరం లేదు. ఆమె వర్షంలో తడిసి వచ్చినా బొమ్మలు చెదరలేదు.

అచ్చంపేట:
బిడ్డా, ఈ రంగులన్నీ ఎందుకు? రాత్రి పడుకునే ముందు రెండు చుక్కల ఆముదం రాసుకో, మూడు నెలల్లో నిండుగా వస్తాయి. మా చిన్న కోడలికి నేనే రాయించాను.

వనపర్తి (ఇక్కడ పదకొండేళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తున్నాను):
చెల్లె, ముందు ఎండకూ ఉక్కపోతకూ ఉన్న తేడా చెబుతాను. మన మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. ఇక్కడ తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం దాటుతుంది కనుక చెమట ఆరదు, నుదుటి మీద నిలిచి, బరువెక్కి, కనుబొమ్మ వాలు వెంట తోక వైపు జారుతుంది. అందుకే అందరికీ ముందుగా పోయేది తోకే.

దేవరకొండ అన్న చెప్పినది సగం నిజం. వాటర్‌ప్రూఫ్ అన్న మాట నీటికి మాత్రమే హామీ. పెన్సిల్ అంటే మైనమూ నూనెలూ కలిపి రంగుతో ముద్ద చేసినది, దానికి నీటి భయం తక్కువ. కానీ చర్మపు జిడ్డు తగిలితే నూనెకు నూనె కలిసి అది మెత్తబడుతుంది, ఆ తరువాత రుమాలు ఒక్కసారి తగిలినా లేచిపోతుంది. మీ ఆవిడది పొడి చర్మం అయి ఉంటుంది, అందుకే వర్షానికి చెదరలేదు. పౌడర్ తీరు దీనికి వ్యతిరేకం: కాస్త జిడ్డును తానే పీల్చుకుంటుంది, చూడటానికి మెత్తగా సహజంగా ఉంటుంది, కానీ చెమట చుక్క దాని మీదుగా జారిన దారి గీతలా కనిపిస్తుంది.

జెల్‌లో రెండు రకాలున్నాయి, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. మస్కారా బ్రష్ ఉండే గొట్టంలో వచ్చేది వెంట్రుకను పట్టుకుని ఆరి బిగుసుకుంటుంది, చెమటకు బాగానే నిలుస్తుంది. అయితే నీ తోకలో వెంట్రుకే లేనప్పుడు అది దేనిని పట్టుకోవాలి? చర్మానికి అంటి, ఎండిన జిగురులా పొలుసులై రాలుతుంది. చిన్న గాజు డబ్బాలో ముద్దగా వచ్చేది, పొమేడ్ అంటారు, అది వేరు. పూసిన తరువాత అందులోని ద్రవం ఆవిరై పలుచని పొర మిగులుతుంది. ఖాళీ చర్మం మీద, ఈ వాతావరణంలో, మూడింటిలోకి గట్టిగా నిలిచేది అదే. కాకపోతే ఆరేందుకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ఆలోపల తప్పు దిద్దుకోవాలి, రాత్రి నూనెతో కరిగించి తీయాలి. మూత సరిగా పెట్టకపోతే డబ్బాలోనే గట్టిపడుతుంది.

కొనే ముందు ఒకటి చెప్పు: బొమ్మల మీద ఉదయం ఏమేం రాస్తున్నావు?

మిర్యాలగూడ:
అక్కా, ముఖమంతా సన్‌స్క్రీన్ రాసి, రెండు నిమిషాలకే దాని మీద పెన్సిల్ గీస్తున్నాను. రాత్రి, అచ్చంపేట పెద్దమ్మ చెప్పినట్టే, మా అమ్మ పంపిన ఆముదం రాస్తున్నాను. ఉదయం మామూలుగా ముఖం కడుగుతాను.

వనపర్తి:
దొంగ దొరికింది. ఆముదం చిక్కటి నూనె, ఒక్కసారి ముఖం కడిగితే వెంట్రుకల మొదళ్ల నుంచి పోదు. దాని మీద సన్‌స్క్రీన్, ఆ పైన మైనపు పెన్సిల్. అది నిలవకపోవడంలో పెన్సిల్ తప్పేమీ లేదు. పెద్దమ్మా, ఏమీ అనుకోవద్దు, ఆముదంతో వెంట్రుకలు మొలుస్తాయనడానికి గట్టి రుజువు లేదు. రాసుకుంటే నిగనిగలాడి నిండుగా కనిపిస్తాయి, అంతవరకు నిజం. చెల్లె, చివరి భాగం ఈ మధ్యనే ఎక్కువగా రాలుతున్నట్టు ఉంటే మాత్రం థైరాయిడ్ పరీక్ష చేయించుకో.

ఉన్న పెన్సిల్‌తోనే ఒక రోజు పరీక్షించు. వారం ముందే ఆముదం ఆపు. ఎడమ బొమ్మకు ఎప్పటిలాగే చెయ్యి. కుడి బొమ్మను మాత్రం టిష్యూతో అద్ది, మీద పేరుకున్న సన్‌స్క్రీన్‌ను దూదిపుల్లతో తీసి, రంగులేని ఫేస్ పౌడర్ చిటికెడు అద్ది, అప్పుడు పొట్టి గీతలు గీసి, వాటి మీద అదే రంగు ఐబ్రో పౌడర్‌ను ఏటవాలు కుంచెతో నొక్కు, రుద్దకు. చెమట పట్టినప్పుడు రుమాలుతో తుడవకు, టిష్యూ ఆనించి తియ్యి. ఆ టిష్యూను వెలుతురులో చూడు: తడిసి కాసేపటికి ఆరిపోతే అది చెమట, మిర్చి బజ్జీ కాగితంలా మరక పారదర్శకంగా మిగిలితే జిడ్డు.

గద్వాల:
నేను ఎనిమిదేళ్లుగా ఒక్క పౌడరే వాడుతున్నాను, పొమేడ్ వేస్తే స్టాంపు గుద్దినట్టు కనిపిస్తుంది. పలుచని బొమ్మలకు అంత గట్టి రంగు నప్పదు.

వనపర్తి:
వదినా, మీది పొడి చర్మం, పైగా ఇంటి నుంచి ఆఫీసు దాకా ఏసీ కారు. పొమేడ్ స్టాంపులా కనిపించేది కుంచె నిండా తీసుకున్నప్పుడు. డబ్బా అంచుకు తుడిచి, కుంచె కొసన మిగిలినంతే వాడాలి.

మిర్యాలగూడ (పది రోజుల తరువాత):
అక్కా, మీరు చెప్పినట్టే చేశాను. 7.40కి బయలుదేరి, ఎంఆర్‌టీ స్టేషన్ దాకా పన్నెండు నిమిషాలు నడిచి, 8.30కి ఆఫీసు అద్దంలో చూసుకున్నాను. ఎడమ తోక సగం పోయింది, కుడిది చెక్కుచెదరలేదు. ఒంటిగంటకు భోజనానికి బయటికి వెళ్లి వచ్చాక కుడి దానిలో కూడా చివర వేలిగోరంత మేర వెలిసింది. టిష్యూ మీద బజ్జీ మరక స్పష్టంగా మిగిలింది, అంటే నాది జిడ్డేనని ఒప్పుకుంటున్నాను. ఆ వేలిగోరంత చోటు కోసం పొమేడ్ కొన్నాను, మిగతా బొమ్మకు పెన్సిల్, పౌడరే. తోక ఇప్పుడు సాయంత్రం ఆరు దాకా ఉంటున్నది. కానీ ట్యూబ్‌లైటు కింద తోక నల్లగా, ముందు భాగం గోధుమ రంగుగా రెండు ముక్కల్లా కనిపిస్తున్నది.

గద్వాల:
నేను ముందే చెప్పాను.

వనపర్తి:
పొమేడ్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది చెల్లె, పెన్సిల్ కంటే ఒక మెట్టు లేతది తీసుకోవలసింది. కొన్నది పారేయకు, దాని మీద నీ లేత పౌడర్ నొక్కి ఒక ఫోటో పెట్టు, కిటికీ వెలుతురులో ఒకటి, ఆఫీసు దీపం కింద ఒకటి.