చెన్నై ఫ్యాక్టరీలో జీఎం, బెంగళూరు బ్యాంకులో వీపీ: ఎవరిది పై మెట్టు?

అంబత్తూరు వైపు విడిభాగాల ఫ్యాక్టరీల్లో మామూలుగా జీఎం పైన వీపీ, ఆయన పైన ఎండీ లేదా సీఈవో. సీఎఫ్‌వో నేరుగా వాళ్లకే రిపోర్టు చేస్తారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఎండీ బోర్డులో డైరెక్టరై ఉండాల్సిందే. సీఈవోకి ఆ నియమం లేదు.

బెంగళూరులోని ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఆఫీసుల్లో లెక్క వేరు. అనలిస్ట్, అసోసియేట్, వీపీ, ఆపైన ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్, ఎండీ. ఇవి ఉత్త గ్రేడ్లు. ఒక్క ఫ్లోర్‌లోనే పది మంది వీపీలు కనిపిస్తారు, కొందరి కింద ఒక్కరూ ఉండరు! అక్కడ ఎండీ అన్నంతమాత్రాన బోర్డులో ఉన్నట్టు కాదు.

ఇప్పుడు మూడొందల మందిని నడిపే ఫ్యాక్టరీ జీఎంకి అలాంటి వీపీ ఆఫర్ వస్తే అది ప్రమోషనా, దిగడమా? తన పై బాస్ నుంచి సీఈవో దాకా ఎన్ని మెట్లో అడిగితే తేలుతుందా? హెచ్‌ఆర్‌లో ఉన్నవాళ్లు చెప్పండి, ఇంకేం అడగాలి?